పెళ్ళి వీడియో ఆగి ఆగి ఆడుతుంటే గ్రాఫిక్స్ కార్డు మీదకు పోకండి

మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు తణుకు నుంచి సీపీయూ డబ్బాను దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టుకుని మా ఇంటికి వచ్చేశాడు. వాడు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు, నేను కూడా భీమవరంలో అదే పని పదకొండేళ్ళుగా చేస్తున్నాను. కాఫీ అయినా తాగకుండా, "అన్నయ్యా, ఈ గ్రాఫిక్స్ కార్డు అమ్మేసి పెద్దది కొందామనుకుంటున్నాను, నలుగురైదుగురు అదే చెప్పారు, నువ్వొకసారి చూసి ఊ అను" అన్నాడు. వారం రోజుల్లో రెండు పెళ్ళిళ్ళ ఫైనల్ ఇవ్వాలి, టైమ్‌లైన్ మీద వీడియో నాలుగు సెకన్లు కూడా సాఫీగా ఆడటం లేదు, ముఖంలో ఆ టెన్షన్ అంతా కనిపిస్తోంది.

నేను ఊ అనలేదు. ఎందుకు అనలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఈ రెండు మూడేళ్ళలో ఇదే సమస్యతో నా దగ్గరకు వచ్చిన వాళ్ళలో చాలామంది ఇదే తప్పు మందు వేసుకోబోయారు, కొందరు వేసుకునే వచ్చారు. ఎడిటింగ్ అంటే గ్రాఫిక్స్, గ్రాఫిక్స్ అంటే కార్డు, కార్డు ఎంత పెద్దదైతే వీడియో అంత సాఫీగా ఆడుతుంది అని ఒక లెక్క మన దగ్గర స్థిరపడిపోయింది. గేములకు ఆ లెక్క సరిపోతుంది. కెమెరా నుంచి వచ్చిన 4కే ఫైలును కోసి, అతికించి, వెనక్కీ ముందుకూ జరుపుతూ చూసే పనికి మాత్రం సరిపోదు.

వాడి మెషిన్ సంగతి ముందు చెబుతాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 కార్డు 12 జీబీది, ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్కు, ఒక టీబీ ఎన్‌వీఎమ్ఈ డ్రైవు. అమ్మిన దుకాణంలో దీన్ని ఎడిటింగ్ మెషిన్ అనే చెప్పి ఇచ్చారట. దీంట్లో ఏదీ చెత్త సామాను కాదు, గేములు ఆడేవాడికైతే ఇది చక్కటి కూర్పు. కెమెరా సోనీ ఏ7 ఫోర్, వాడు షూట్ చేసేది 4కే, సెకనుకు 50 ఫ్రేములు.

ప్రీమియర్ తెరిచి, వాడు తెచ్చిన క్లిప్పుల్లోంచి తలంబ్రాలది ఒకటి తీసి ఖాళీ టైమ్‌లైన్ మీద పెట్టాం. కలర్ లేదు, టైటిల్ లేదు, ఏ ఎఫెక్టూ లేదు, ఒట్టి క్లిప్పు. ప్లే నొక్కితే పెళ్ళికూతురు దోసిలి ఎత్తింది, బొమ్మ అక్కడే ఆగింది, తర్వాత చూస్తే బియ్యం అప్పటికే పెళ్ళికొడుకు తలపాగా మీద ఉన్నాయి. మధ్యలో గింజలు పడటం అన్నది లేనే లేదు. శబ్దం మాత్రం నాదస్వరంతో సహా హాయిగా వస్తూనే ఉంది. ప్రోగ్రామ్ మానిటర్ సెట్టింగుల్లో `Show Dropped Frame Indicator` అని ఒకటి ఉంటుంది, దాన్ని ఆన్ చేస్తే మానిటర్ కింద చిన్న ఆకుపచ్చ చుక్క వస్తుంది, ఫ్రేములు జారిపోతే అది పసుపు రంగులోకి మారుతుంది. మేము ప్లే నొక్కిన మొదటి సెకనులోనే అది పసుపైపోయింది.

ఇప్పుడు టాస్క్ మేనేజర్ తెరవమన్నాను. Performance పేజీలో GPU మీద నొక్కితే ఒకటి కాదు, నాలుగు చిన్న గ్రాఫులు కనిపిస్తాయి. అందులో ఒకటి `3D`, ఇంకొకటి `Video Decode`. చాలామంది పైన కనిపించే ఒక్క శాతం చూసి మూసేస్తారు. మళ్ళీ ప్లే నొక్కి చూశాం. ప్రాసెసర్ వంద దగ్గర నిలబడి ఊపిరాడక కొట్టుకుంటోంది. కార్డులో `3D` పది శాతం దగ్గర తచ్చాడుతోంది. `Video Decode` గీత మాత్రం సున్నా మీద అడ్డంగా పడుకుని ఉంది. "చూశావా, నువ్వు అమ్ముదామనుకుంటున్న కార్డు అసలు పనే చేయడం లేదు. పని లేక కూర్చున్నవాణ్ని తీసేసి ఇంకా పెద్ద జీతానికి ఇంకొకణ్ని పెడితే వాడూ కూర్చుంటాడు" అన్నాను.

మరి ఎందుకు కూర్చుంది? దానికి జవాబు ఫైల్లో ఉంది. మీడియాఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రామ్ ఉంది. క్లిప్పును అందులోకి లాగి వదిలితే ఆ ఫైలు పుట్టుపూర్వోత్తరాలన్నీ చెబుతుంది. మనకు కావలసినవి మూడే లైన్లు: ఫైలును కుదించిన పద్ధతి, అందులో రంగు వివరం ఎంత ఉంచారో, ఒక్కో విలువకు ఎన్ని బిట్లో. వాడి తలంబ్రాల క్లిప్పుకు ఇలా వచ్చింది:

```
Format             : HEVC
Chroma subsampling : 4:2:2
Bit depth          : 10 bits
```

ఈ మూడు లైన్లు చూడకుండా ఎవరూ ఎడిటింగ్ మెషిన్ కొనకూడదని నా గట్టి అభిప్రాయం. కారణం చెప్పాలంటే కెమెరా ఫైలును ఎలా రాస్తుందో కాస్త చెప్పుకోవాలి.

మా తాతయ్య కిరాణా కొట్టులో పద్దు పుస్తకం ఉండేది. ఒకటో తారీఖున ఖాతాదారు బాకీ మొత్తం రాసేవారు, ఆ తర్వాత రోజుల్లో మొత్తం మళ్ళీ రాయరు, ఆ రోజు పట్టుకెళ్ళింది, ఆ రోజు కట్టింది, అంతే. ఇరవయ్యో తారీఖున బాకీ ఎంత అని అడిగితే ఒకటి నుంచి కూడుకుంటూ రావాలి. మీడియాఇన్ఫోలో AVC అని కనిపించే హెచ్.264 అయినా, HEVC అని కనిపించే హెచ్.265 అయినా కెమెరా మామూలుగా రాసేది ఇలాగే. కొన్ని ఫ్రేములకొకసారి పూర్తి బొమ్మ ఉంటుంది, మధ్యలోవన్నీ ముందు వెనక బొమ్మలతో పోలిస్తే ఏం మారిందో చెప్పే చీటీలు. కెమెరా మెమరీ కార్డులో చోటు బాగా కలిసొస్తుంది. కానీ టైమ్‌లైన్ మీద మీరు మౌస్‌తో ఒక మధ్య ఫ్రేము మీదకు దూకితే, కంప్యూటర్ వెనక్కి వెళ్ళి పూర్తి బొమ్మ పట్టుకుని అక్కడి నుంచి కూడుకుంటూ రావాలి. వెనక్కి జరుపుతూ చూస్తే ప్రతి ఫ్రేముకూ ఇదే తంతు. అందుకే ముందుకు కాస్త ఆడే క్లిప్పు కూడా వెనక్కి లాగితే మొరాయిస్తుంది. తలంబ్రాల షాట్‌లో ప్రతి గింజా తన దారిన తను ఎగురుతుంది కాబట్టి మార్పుల చీటీ కూడా చాంతాడంత ఉంటుంది.

దీని బరువు ఎంతో లెక్క వేసి చూపిస్తాను. వాడి కెమెరాలో పెట్టిన సెట్టింగు `XAVC HS 4K`, 50p, 200M. అంటే సెకనుకు 200 మెగాబిట్లు, మన భాషలో 25 మెగాబైట్లు. పాత హార్డ్ డిస్కు కూడా ఒక క్లిప్పుకు ఇంత అందించగలదు, కాబట్టి డ్రైవును తిట్టి లాభం లేదు. ఈ 25 మెగాబైట్ల మూట విప్పితే ఏమవుతుందో చూడండి. 4కే బొమ్మలో దాదాపు 83 లక్షల పిక్సెళ్ళు ఉంటాయి, 4:2:2లో పిక్సెల్‌కు సగటున రెండు విలువలు, 10 బిట్ల విలువ మెమరీలో రెండు బైట్లు ఆక్రమిస్తుంది, అంటే ఒక్క ఫ్రేము 33 మెగాబైట్లు. సెకనుకు 50 ఫ్రేములంటే 1.6 జీబీ పైమాటే. 25 ఎంబీని ప్రతి సెకనూ 1.6 జీబీగా విప్పడం, అదీ కూడికలు చేసుకుంటూ విప్పడం, ఇదే అసలు కష్టం. ఎఫెక్టులూ రంగులూ ఆ తర్వాతి మాట.

ఈ విప్పే పని కోసమే ప్రత్యేకంగా కొన్ని చిప్పుల్లో ఒక మూల చిన్న భాగం కట్టి ఉంటుంది. అదే `Video Decode` గ్రాఫులో కనిపించేది. గేములు ఆడించే భాగానికీ దీనికీ సంబంధం లేదు. కార్డు ఖరీదు పెరిగితే గేముల భాగం పెరుగుతుంది గానీ, ఈ మూలనున్న చిన్న భాగానికి ఏయే ఫైళ్ళు చదవడం వచ్చో అది ఆ తరం కార్డులన్నిటికీ ఒకటే. ఇక్కడే మన ఎడిటర్లు దెబ్బ తింటున్నారు. ఎన్విడియా 30 సిరీస్, 40 సిరీస్ కార్డులకు హెచ్.265లో రంగు వివరం తక్కువుండే 4:2:0 వచ్చు, 10 బిట్ అయినా వచ్చు, విచిత్రంగా రంగు వివరం పూర్తిగా ఉండే 4:4:4 కూడా వచ్చు, మధ్యలో ఉన్న 4:2:2 మాత్రం రాదు. కాబట్టి మావాడు 3060 అమ్మి 4070 కొన్నా, ఇల్లమ్మి 4090 కొన్నా, ఆ తలంబ్రాల క్లిప్పు దగ్గర `Video Decode` గీత సున్నా మీదే పడుకుంటుంది. 2025లో వచ్చిన 50 సిరీస్ నుంచి ఎన్విడియా 4:2:2 చేర్చింది, అక్కడి నుంచి కథ వేరు.

దీన్ని చాలా ముందు నుంచీ చదువుతున్నది ఇంటెల్ ప్రాసెసర్లలో పొదిగి ఉండే చిన్న గ్రాఫిక్స్. 'ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ కదా, దానితో ఏమవుతుంది' అని దుకాణాల్లో తీసిపారేస్తారే, అదే. డెస్క్‌టాప్‌లో 11వ తరం నుంచీ దానికి హెచ్.265 4:2:2 10 బిట్ విప్పడం వచ్చు. రైజెన్ 5 5600లో అసలు గ్రాఫిక్సే లేదు. ఆ తర్వాతి రైజెన్లలో ఉన్నా, 4:2:2 విషయంలో వాటి నుంచి సాయం అందదు.

అందుకే నన్ను ఎవరైనా ప్రాసెసరా, కార్డా, ర్యామా, ముందు దేనికి డబ్బు పెట్టాలి అంటే ముందు మీ కెమెరా ఫైలు ఏంటో అడుగుతాను. సోనీ, కానన్ కెమెరాల్లో హెచ్.265 4:2:2 10 బిట్‌లో షూట్ చేసేవాళ్ళకు, అంటే ఈ రోజుల్లో పెళ్ళిళ్ళు తీసేవాళ్ళలో చాలామందికి, ప్రాసెసరే మొదటి ఎంపిక అని తేల్చి చెబుతాను. అదీ కోర్ల సంఖ్య చూసి కాదు, ఆ విప్పే భాగం ఉందా లేదా అని చూసి.

ఇంటెల్ కొనేటప్పుడు కూడా ఒక్క అక్షరం దగ్గర జాగ్రత్త. పేరు చివర ఎఫ్ ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, అందులో గ్రాఫిక్స్ పనిచేయదు. వెయ్యో రెండు వేలో తక్కువకు వస్తుందని, ఎలాగూ కార్డు పెడుతున్నాం కదా అని, దుకాణంవాళ్ళు ఎక్కువగా ఎఫ్‌దే చేతిలో పెడతారు. ఎడిటర్ ఆ రెండు వేలు మిగుల్చుకోవడమంటే పెళ్ళి భోజనానికి పిలిచి విస్తరి ఖర్చు మిగుల్చుకున్నట్టే. ఎఫ్ లేనివాటిలో కూడా తేడా ఉంది. ఐ5-12400లో యూహెచ్‌డీ 730 ఉంటుంది, దాంట్లో విప్పే ఇంజన్ ఒకటి. ఐ5-12500లో యూహెచ్‌డీ 770, దాంట్లో రెండు. ఒక్క కెమెరా క్లిప్పు ఆడించేవాడికి తేడా పెద్దగా తెలియదు, మూడు కెమెరాలు ఒకేసారి మల్టీక్యామ్‌లో చూసుకుంటూ కట్ చేసేవాడికి బాగా తెలుస్తుంది.

ఇక్కడ ఎక్కువ కోర్ల రైజెన్ పక్షాన వాదించే మిత్రులు నాకున్నారు, వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. పన్నెండు, పదహారు కోర్లున్న ప్రాసెసర్ ఈ ఫైలును తన సొంత బలంతోనే విప్పగలదు, ఒక్క క్లిప్పు వరకు సాఫీగానే ఆడుతుంది. కానీ ఆ బలమంతా విప్పడానికే పోతే స్టెబిలైజేషన్ లెక్కలకూ, ఎక్స్‌పోర్టుకూ మిగిలేది తక్కువ. రెండో కెమెరా, మూడో కెమెరా ఎక్కించగానే మళ్ళీ మొదటికొస్తుంది. ఫ్యాన్లు మోగిపోతాయి, మే నెలలో మా గదిలో ఏసీ ఉన్నా సీపీయూ డబ్బా పక్కన కాళ్ళు పెట్టుకోలేం. అదే పని ఆ చిన్న భాగానికి అప్పగిస్తే ప్రాసెసర్ ఇరవై, ముప్పై శాతం దగ్గర ఆడుతుంది.

సరే, కార్డు అక్కరలేదా అంటే, ఎందుకు అక్కరలేదు, కావాలి. అది ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకుని కొనాలి. క్లిప్పు విప్పడం అయ్యాక దాని మీద వేసే లూమెట్రి కలర్, సైజు మార్చడం, బ్లర్, ట్రాన్సిషన్లు, నాయిస్ తగ్గించడం, ఇవన్నీ కార్డు మోసే బరువులు. మీ మెషిన్‌లో అడ్డం పడుతున్నది విప్పడమా ఎఫెక్టులా అని తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ప్రీమియర్‌లో ప్రోగ్రామ్ మానిటర్ కింద ప్లస్ గుర్తు నొక్కితే కొన్ని బటన్లు వస్తాయి, వాటిలో `Global FX Mute` ను కిందికి లాగి పెట్టుకోండి. మామూలుగా ఆడించండి, ఆగుతోంది. ఇప్పుడు ఆ బటన్ నొక్కి ఎఫెక్టులన్నీ మూసి ఆడించండి. అయినా ఆగుతుంటే లోపం విప్పడంలో ఉంది, కార్డు మారిస్తే పోదు. ఎఫెక్టులు మూయగానే సాఫీగా ఆడితే బరువు కార్డు మీద ఉంది, అప్పుడు కార్డు గురించి మాట్లాడుకోవచ్చు. ఈ ఒక్క పరీక్షకు పట్టేది నిమిషం, దానికోసం ఎవర్నీ అడగక్కరలేదు.

కార్డు కొనేటప్పుడు కూడా నేను ముందు చూసేది వేగం కాదు, దాని మీదున్న మెమరీ. ఎఫెక్టులు లెక్కగట్టేటప్పుడు పిక్సెల్‌కు నాలుగు విలువలు, ఒక్కోదాన్ని 32 బిట్లలో పెట్టుకుంటే ఒక్క 4కే ఫ్రేము 133 మెగాబైట్లు అవుతుంది. ఒక్కో ఎఫెక్టుకు ముందొక ఫ్రేము, వెనకొక ఫ్రేము, నాయిస్ తగ్గించేవాటికైతే అటూ ఇటూ పక్క ఫ్రేములు కూడా కావాలి. 8 జీబీ చూస్తుండగానే నిండుతుంది. డావిన్చి రిజాల్వ్‌లో అయితే `Your GPU memory is full` అని మొహం మీదే చెప్పేస్తుంది. ఆ ప్రోగ్రామ్ మొత్తం కార్డు మీద నడిచేలా కట్టారు కాబట్టి, రిజాల్వ్‌లో బరువుగా గ్రేడింగ్ చేసేవాళ్ళకు నా వరుస క్రమం మారుతుంది, వాళ్ళకు కార్డు దాదాపు ప్రాసెసర్‌తో సమానం. ప్రీమియర్‌లో పెళ్ళి వీడియోకు, కాస్త కలర్, కాస్త స్లోమోషన్, నాలుగు టైటిళ్ళ పనికి, మావాడి 12 జీబీ 3060 పుష్కలంగా సరిపోతుంది. దాన్ని అమ్మొద్దని అందుకే అంత గట్టిగా చెప్పాను.

ర్యామ్ విషయంలో తగాదా తక్కువ. 16 జీబీతో 4కే పెళ్ళి ప్రాజెక్టు నడుస్తుంది, కానీ ప్రీమియర్‌తో పాటు ఫోటోషాప్, పాటలు వెతకడానికి బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరవగానే నిండిపోతుంది. నిండిన సంగతి ఎలా తెలుస్తుందంటే, వీడియో మొదట బాగానే ఆడుతుంది, గంట పని చేశాక బరువెక్కుతుంది, ప్రోగ్రామ్ మూసి తెరిస్తే మళ్ళీ తేలికవుతుంది. ఆ సమయంలో టాస్క్ మేనేజర్‌లో మెమరీ 95 శాతం దగ్గర, డిస్కు ఊరికే తెగ తిరుగుతూ కనిపిస్తాయి. విండోస్ మెమరీలో పట్టనిదాన్ని డ్రైవు మీద పెట్టి తెచ్చుకుంటోందన్నమాట. మావాడి సమస్య అది కాదు, వాడి క్లిప్పు మొదటి సెకనులోనే ఆగింది. ఈ తేడా గుర్తుంచుకుంటే ర్యామ్ రోగమో కాదో మీరే చెప్పగలరు. 32 జీబీకి వెళ్ళండి, అక్కడ ఆగండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో గంటల తరబడి పని చేసేవాళ్ళు తప్ప, ఎందుకంటే అది చూసిన ప్రతి ఫ్రేమునూ ర్యామ్‌లో దాచుకుంటుంది, మిగతావాళ్ళకు 64 జీబీ వల్ల కనిపించే తేడా ఆ డబ్బుకు తగ్గది కాదు.

ర్యామ్ ఎంతన్నది ఒకటైతే, ఎన్ని స్టిక్కులన్నది ఇంకొకటి. ఒకే 16 జీబీ స్టిక్కు కంటే రెండు 8 జీబీలు మేలు, ఎందుకంటే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య రెండు దారులుంటాయి, ఒకే స్టిక్కు పెడితే ఒక దారి మూసినట్టే. డీడీఆర్4 3200 స్టిక్కుకు దారికి సెకనుకు 25.6 జీబీ. సెకనుకు ఒకటిన్నర జీబీ లెక్కన ముగ్గురు కెమెరామెన్ల ఫ్రేములు విప్పి, రంగులు మార్చి, అటూ ఇటూ మోసే పనిలో, పైగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఇదే ర్యామ్‌ను వాడుకుంటుంది కాబట్టి, ఆ రెండో దారి అక్కరకొస్తుంది.

ఇక మావాడికి ఏం చేశామో చెబుతాను. చేతిలో వారం ఉంది, మెషిన్ మార్చే టైమూ లేదు, డబ్బూ లేదు. కాబట్టి మొదటి పని ప్రాక్సీలు. ప్రీమియర్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని కుడి క్లిక్ చేసి `Create Proxies` అంటే, ప్రతి క్లిప్పుకూ ఒక చిన్న జిరాక్సు కాపీ లాంటిది తయారవుతుంది. మేము 1080 సైజులో ప్రోరెస్ ప్రాక్సీ పెట్టాం. ప్రోరెస్‌లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే, పద్దు పుస్తకం కూడికలు లేవు, అందుకే పాత మెషిన్ మీద కూడా పరుగెడుతుంది. సెకనుకు 50 ఫ్రేముల మీద గంట ఫుటేజీకి సుమారు 34 జీబీ పడుతుంది. వాడి రెండు పెళ్ళిళ్ళూ కలిపి ఆరు గంటల ఫుటేజీ, అంటే 200 జీబీ పైన. తయారు చేయడానికి కూడా అదే ఫైలును ప్రాసెసర్ విప్పాలి కదా, కాబట్టి తొందరేం లేదు, రాత్రి పెట్టి పడుకున్నాం, తెల్లారి లేచేసరికి ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. అయ్యాక `Toggle Proxies` బటన్ నీలంగా ఉంటే చిన్న కాపీలు ఆడతాయి, ఎక్స్‌పోర్టులో మాత్రం దానంతటదే అసలు ఫైళ్ళనే తీసుకుంటుంది. ఒక చోట జాగ్రత్త: బయట వేరే ప్రోగ్రామ్‌లో ప్రాక్సీలు చేసుకుని తెచ్చి అతికించేవాళ్ళకు, ఆడియో చానళ్ళ సంఖ్య అసలు ఫైలుతో కలవకపోతే ప్రీమియర్ అతికించుకోదు.

రెండో పనికి ఒక్క రూపాయి కూడా కాలేదు, నాకు అన్నిటికంటే ఇష్టమైన పరిష్కారం ఇదే. తర్వాతి పెళ్ళి నుంచి కెమెరాలో `200M 4:2:2 10bit` బదులు `150M 4:2:0 10bit` పెట్టమన్నాను. హెచ్.265 అదే, 10 బిట్ అదే, ఎస్-లాగ్3 కూడా అలాగే తీసుకోవచ్చు. తగ్గేది రంగు వివరం నిలువు దిశలో సగం, వెలుగునీడల వివరం తగ్గదు. 3060కి 4:2:0 చదవడం వచ్చని పైన చెప్పాను కదా, ఆ సెట్టింగులో మా ఇంటి పెరట్లో మందార చెట్టును పదిహేను సెకన్లు తీసి టైమ్‌లైన్ మీద పెట్టి ప్లే నొక్కాం. అప్పటిదాకా సున్నా మీద ఉన్న `Video Decode` గీత లేచి నిలబడింది, ప్రాసెసర్ చల్లబడింది, చుక్క ఆకుపచ్చగానే ఉంది. మావాడు మాట్లాడకుండా అదే క్లిప్పును వెనక్కీ ముందుకూ ఐదు నిమిషాలు లాగుతూ కూర్చున్నాడు.

4:2:2 వదిలేస్తే క్వాలిటీ పోదా అని మీరు అడుగుతారు, వాడూ అడిగాడు. పచ్చ తెర వెనక పెట్టి తీసి అంచులు కత్తిరించే పనిలో తేడా తెలుస్తుంది. పెళ్ళిలో అయితే ఎర్రటి పట్టుచీర అంచు మీద, ఎర్ర లైట్లు పడే సంగీత్ స్టేజీ మీద, రెండిటినీ పక్కపక్కన పెట్టి నాలుగు రెట్లు పెద్దది చేసి చూస్తే నాకు తేడా కనిపించింది. పెన్‌డ్రైవులో టీవీకి పెట్టుకుని చూసే ఇంటివాళ్ళకు కనిపిస్తుందని నేను అనుకోను. 8 బిట్‌కు దిగడం మాత్రం వద్దు, లాగ్‌లో తీసి కలర్ లాగితే ఆకాశం మీద, గోడల మీద పట్టీలు పడతాయి. 10 బిట్ వదలొద్దు, 4:2:2 అవసరమైతే వదలొచ్చు.

మూడో పని సీజన్ అయిపోయాక చేశాం. ఇంకొక 16 జీబీ ర్యామ్ స్టిక్కు వేశాం. రైజెన్‌ను బోర్డుతో సహా అమ్మేసి, డీడీఆర్4 పట్టే బీ760 బోర్డు, ఐ5-12500 తీసుకున్నాం, అలా ర్యామ్ మార్చాల్సిన పని లేకపోయింది. కార్డు ఆ 3060నే. బిగించాక మొదటిసారి ఆన్ చేస్తే ప్రీమియర్‌లో ఇంటెల్ పేరే కనిపించలేదు, మావాడికి చెమటలు పట్టాయి. విడిగా కార్డు ఉంటే కొన్ని బోర్డులు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ను ఆఫ్ చేసేస్తాయి. బయోస్‌లోకి వెళ్ళి `iGPU Multi-Monitor` ను `Enabled` చేయాలి, విండోస్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ వేయాలి. మానిటర్ కేబులు 3060కే ఉండనివ్వొచ్చు. ఆ తర్వాత ప్రీమియర్‌లో Preferences లోని Media పేజీలో హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఇంటెల్, ఎన్విడియా రెండూ కనిపించాయి, ఇంటెల్‌కు టిక్ పెట్టి ప్రోగ్రామ్ మళ్ళీ తెరిచాం. మాఘమాసం నాటి ఆ తలంబ్రాల క్లిప్పునే ప్రాక్సీ లేకుండా పెట్టాం. ప్రతి గింజా పడింది.

కొత్తగా మెషిన్ కట్టించుకునేవాళ్ళకు ఈ రోజు రెండు దారులున్నాయి. ఎఫ్ లేని ఇంటెల్ తీసుకుని మామూలు కార్డు పెట్టుకోవడం ఒకటి. ప్రాసెసర్ ఏదైనా సరే, ఎన్విడియా 50 సిరీస్ కార్డు తీసుకోవడం రెండోది, అందులో నేనైతే 8 జీబీది కాకుండా 16 జీబీ 5060 టీఐ వైపు మొగ్గుతాను. రెండో దారిలో కార్డే విప్పేది, కార్డే రంగులు వేసేది కాబట్టి, ఇన్నాళ్ళూ నేను వద్దన్న కార్డు ముందు అనే మాట అక్కడ కొంత నిజమవుతుంది. రెడ్, బ్లాక్‌మ్యాజిక్ కెమెరాల రా ఫైళ్ళతో పనిచేసే సినిమావాళ్ళకు కూడా నా వరుస వర్తించదు, ఆ ఫైళ్ళు విప్పడంలో కార్డే ఎక్కువ బరువు మోస్తుంది.

ఇంకొక చిక్కు మిగిలే ఉంది. మావాడి దగ్గర రెండో కెమెరా పట్టే కుర్రాడు `XAVC S 4K` లో తీస్తాడు. అదీ 4:2:2 10 బిట్టే, కానీ హెచ్.265 కాదు, హెచ్.264. 12500లోని భాగానికి హెచ్.264లో 8 బిట్ 4:2:0 మాత్రమే వచ్చు, ఈ ఫైలు రాదు, 3060కీ రాదు. హెచ్.265 కంటే తేలిక కాబట్టి ప్రాసెసర్ సొంతంగా నెట్టుకొస్తుంది, కానీ మల్టీక్యామ్‌లో ఆ కుర్రాడి యాంగిల్‌కు మారిన ప్రతిసారీ ప్రాసెసర్ గీత డెబ్భైకి లేస్తుంది. మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, ఒక కెమెరా తేలిగ్గా ఆడుతోంది, ఇంకోటి బరువుగా ఆడుతోంది, ఏంటంటావ్" అన్నాడు. మీడియాఇన్ఫోలో Format లైన్ చదవమన్నాను. AVC అని ఉంది అన్నాడు. వచ్చే పెళ్ళికి ఆ కుర్రాడి కెమెరా ముందు నువ్వు తీసుకుని, మెనూలో HS పెట్టి ఇవ్వు అన్నాను.